60 వేలను 22తో భాగించిన ఏడాది

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఊర్లోనే ఉండి సొంతంగా డిజైన్ పనులు చేసుకోవాలని అనుకుంటున్నాడు. జీతం నెలకు 45 వేలు. ‘‘రోజుకు రెండు వేలు అడుగుదామనుకుంటున్నానన్నా, మరీ ఎక్కువైపోతుందేమోనని భయంగా ఉంది’’ అన్నాడు. రెండు వేలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. 45 వేలను నెలకు 22 పనిదినాలతో భాగించాడు.

2024 ఏప్రిల్‌లో బెంగళూరు ఉద్యోగం వదిలి అనంతపురం వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను. నా జీతం 60 వేలు. 22తో భాగిస్తే 2,727. రౌండుగా 2,800 అడిగితే ఉద్యోగం కంటే కొంచెం ఎక్కువే వస్తుందని సంబరపడ్డాను. ఆ లెక్క తప్పని తెలియడానికి ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాది చివరికి నా భార్య గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఆ అబ్బాయికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను.

నా పని సోలార్ ప్లాంట్ల ఎలక్ట్రికల్ డ్రాయింగులు: ప్యానెళ్ల వరుసల లేఅవుట్, సింగిల్ లైన్ డయాగ్రమ్, కేబుల్ షెడ్యూల్, ఎర్తింగ్ లేఅవుట్. ఎన్‌పీ కుంట, గని–శకునాల వైపు మైళ్ల కొద్దీ ప్యానెళ్లు పరుచుకోవడం కళ్లారా చూసి ఈ రంగంలోకి వచ్చినవాణ్ణి. పని ఇచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా బెంగళూరు ఆఫీసులవాళ్లు. రోజు లెక్కన బిల్లు వేస్తాను.

ఆ మొదటి ఏడాది చేసిన ఒకే ఒక్క మంచి పని గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోవడం. బిల్లు వేసిన రోజుకు ఎర్ర పెన్నుతో సున్నా. కుర్చీలో కూర్చుని పనైతే చేశాను గానీ ఎవరికీ బిల్లు వేయలేని రోజుకు నీలం గీత. సెలవు, పండుగ, జ్వరం అయితే అడ్డంగా కొట్టేయడం. ఏమీ లేకపోతే ఖాళీ. 2025 మార్చి 31 రాత్రి క్యాలెండర్ దింపి మంచం మీద పెట్టుకుని లెక్కపెట్టాను. శని, ఆదివారాలు తీసేస్తే 261 రోజులు. అందులో ఎర్ర సున్నాలు 131. నీలం గీతలు 58. కొట్టేసినవి 33. ఖాళీ గళ్లు 39.

131ని 2,800తో గుణిస్తే 3,66,800. సాఫ్ట్‌వేర్, నెట్, ప్రయాణాలు, బ్యాటరీ, లాప్‌టాప్ రిపేరు, ఆడిటరు ఫీజు కలిపి ఖర్చు 1,31,000 అయింది. మిగిలింది 2,35,800, అంటే నెలకు 19,650. 60 వేలు వస్తాయనుకున్న చోట ఇరవై వేలు కూడా రాలేదు. క్లయింట్లెవరూ నన్ను మోసం చేయలేదు. నేను బద్ధకించలేదు. నేను చెప్పిన రేటే అంత వచ్చేలా ఉంది.

మా నాయన బేల్దారి పని చేసేవాడు. మంచం మీద పరిచిన క్యాలెండర్ చూసి ఏమిటని అడిగాడు, చెప్పాను. ‘‘నెల జీతగాని లెక్క నువ్వు కూలి పనికి ఏసుకున్యావు’’ అన్నాడు. ‘‘వాన పడిన దినం కూడా పొయ్యి మీద ఎసరు పెట్టల్ల కదరా. పని దొరికిన దినమే ఆ దినాన్ని కూడా అడుగల్ల.’’ ఆయన ఎప్పుడూ రెండు రేట్లు చెప్పేవాడు. గోడకు పగులు వచ్చింది, ఒక్క రోజు వచ్చి పూసిపో అంటే ఒక రేటు. ఇల్లు మొత్తం, మూడు నెలల పని అంటే దానికంటే తక్కువ. పనితనం మారేది కాదు. మూడు నెలల పనిలో మధ్యలో ఖాళీ దినాలు ఉండవు, ఒక్క రోజు పనికి ముందూ వెనకా ఉంటాయి. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది నా పనికీ వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

ఇక లెక్కకు వద్దాం. దీనికి రెండే భాగాలు. ఏడాదికి ఎంత రావాలన్నది పైన, ఎన్ని రోజులకు నిజంగా బిల్లు వేయగలమన్నది కింద. అందరూ పైభాగం మీద తల పట్టుకుంటారు. ముంచేది కిందిది.

పైభాగం నాకు ఇలా వచ్చింది. జీతం ఏడాదికి 7,20,000. జీతం స్లిప్పులో కనిపించని వాటా ఇంకొకటి ఉంటుంది. నా బేసిక్ 30 వేలు, కంపెనీ తన వంతు పీఎఫ్ 12 శాతం లెక్కన నెలకు 3,600 కట్టేది, ఏడాదికి 43,200. గ్రాట్యుటీ అంటే ఏడాది సర్వీసుకు 15 రోజుల బేసిక్, నెలను 26 రోజులుగా తీసుకుని, దాదాపు 17,300. ఐదేళ్లు నిండకుండా మానేస్తే అది చేతికి రాదనేది నిజమే, కానీ ఉద్యోగంలో కొనసాగి ఉంటే నాకు వచ్చేదే కాబట్టి వేసుకున్నాను. కంపెనీ గ్రూపు పాలసీలో నేను, భార్య, పాప, అమ్మానాన్నలు అందరం ఉండేవాళ్లం. బయట మాకు అలాంటిది కొనడానికి 52,000 అయింది, అందులో సగానికి పైగా అమ్మానాన్నలదే. టర్మ్ పాలసీ, ప్రమాద బీమా కలిపి 17,500. ఈ నాలుగూ కలిపితే 1,30,000. జీతంతో 8,50,000. దీనికి పని ఖర్చులు ఈసారి 1,40,000 వేసుకున్నాను. మొత్తం 9,90,000.

ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు. సెలవులకు విడిగా డబ్బు పైన కలుపుతారు, కింద రోజుల్లోంచి కూడా సెలవులు తీసేస్తారు. అప్పుడు ఒకే సెలవుకు రెండుసార్లు డబ్బు అడిగినట్టు. ఏడాది జీతంలోనే సెలవు రోజుల జీతం ఉంది. కాబట్టి సెలవును కింద రోజుల్లోంచి తీసేస్తే సరిపోతుంది.

కిందిభాగం ఎక్కువ జాగ్రత్తగా చేయాలి. 261లోంచి పండుగలు 12 తీసేశాను, 249. సొంత సెలవు 15, 234. నాకో పాపకో అమ్మానాన్నలకో బాగాలేని రోజులు 8, 226. ఇక్కడి దాకా ఎవరైనా వస్తారు. చాలామంది ఇక్కడే ఆగిపోయి 226తో భాగిస్తారు, అదే తప్పు.

నా క్యాలెండర్లో నీలం గీతలు 58 ఉన్నాయని చెప్పాను కదా. వాటిలో ఏమున్నాయో చూశాను. కొటేషన్లు తయారు చేయడం. కొటేషన్ ఇవ్వకముందే సైటు ఫైళ్లన్నీ తెరిచి పని ఎంతుందో చూడటం. బిల్లులు పంపడం, డబ్బుల కోసం ఫోన్లు. కొత్త ఇన్వర్టర్ మోడల్ డేటాషీట్ చదువుకోవడం. అన్నిటికంటే ఎక్కువగా, పంపిన డ్రాయింగుకు కామెంట్లు రావడం కోసం ఎదురుచూడటం. ఈ చివరిదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2024 నవంబర్‌లో ఒక క్లయింటుకు సింగిల్ లైన్ డయాగ్రమ్ పంపాను. వాళ్లు తమ కన్సల్టెంటుకు పంపారు. ‘‘రేపు కామెంట్లు వస్తాయి, రెడీగా ఉండండి’’ అన్నారు. ఆ రేపు తొమ్మిది పనిదినాల తర్వాత వచ్చింది. ఈలోపు ఇంకో క్లయింటు నాలుగు రోజుల పని ఉందన్నాడు. మాట ఇచ్చానని ఒప్పుకోలేదు. కామెంట్లు వచ్చాక సవరణ అర పూటలో అయిపోయింది. తొమ్మిది రోజులకూ కలిపి నేను బిల్లు వేసింది అర రోజు. ఆ తొమ్మిది గళ్లలో ఎనిమిది నీలంగానే ఉన్నాయి, ఎందుకంటే నేను నిజంగానే కంప్యూటర్ ముందే ఉన్నాను. పని లేకపోవడం ఒకటి, వేరొకరి కోసం పని ఆపుకుని కూర్చోవడం ఇంకొకటి. రెండోదానికి డబ్బు అడగొచ్చని నాకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు నా కొటేషన్‌లోనే రాస్తాను: కామెంట్ల కోసం రెండు పనిదినాలు ఉచితంగా ఆగుతాను, మూడో రోజు నుంచి నన్ను పట్టి ఉంచాలంటే సగం రేటు, వద్దంటే వేరే పని చూసుకుని నా తర్వాతి ఖాళీలో సవరణ చేస్తాను. ఇది పెట్టాక ఒక్కరు కూడా సగం రేటు కట్టలేదు. కానీ కామెంట్లు మూడో రోజుకల్లా రావడం మొదలైంది.

దాంతో నీలం గీతలు 58 నుంచి 45కు తగ్గుతాయని వేసుకున్నాను, వారానికి దాదాపు ఒక రోజు. 226లోంచి 45 పోతే 181. ఇక ఖాళీ గళ్లు. నా పనిలో ఖాళీలు ఏడాది అంతటా సమంగా రావు. మార్చి ఆఖరులోపు ప్లాంటు చార్జ్ చేయాలని, అంటే కరెంటు ఎక్కించి మొదలుపెట్టాలని, జనవరి నుంచి అందరూ ఒకేసారి పరిగెత్తిస్తారు, ఏప్రిల్ రాగానే ఫోన్లు ఆగిపోతాయి. నా 39 ఖాళీల్లో 24 ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే ఉన్నాయి. మార్చిలో ఎంత రాత్రీ పగలూ చేసినా ఆ ఖాళీని పూడ్చలేం. అందుకే 41 వేసుకున్నాను. 181లోంచి 41 పోతే 140.

9,90,000ను 140తో భాగిస్తే 7,071. రోజుకు 7,000.

2,800కూ 7,000కూ మధ్య తేడా చూసి నాకే నోరు పెగల్లేదు. అందుకే ఏ ముక్క ఎంత తెచ్చిందో విడదీసి చూశాను. జీతం 7,20,000ను 261తో భాగిస్తే 2,759. అదే జీతాన్ని 140తో భాగిస్తే 5,143. అంటే రోజుల లెక్క ఒక్కటే దాదాపు 2,400 కలిపింది. పీఎఫ్, బీమా వగైరా కలిపింది 929. పని ఖర్చులు సరిగ్గా 1,000. అందరూ పీఎఫ్ పోయింది, ఇన్సూరెన్స్ పోయింది అని బాధపడతారు. అవి పోవడం నిజమే, కానీ రేటును ఎక్కువగా పెంచాల్సింది ఖాళీ రోజులూ బిల్లు కాని రోజులూ.

మరి పన్ను? దీని గురించి నాతో చాలామంది వాదించారు. ‘‘పది శాతం టీడీఎస్ పోతుంది కదా, అది కూడా కలుపుకో’’ అంటారు. ఇది తప్పు లెక్క. కంపెనీలు ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం పట్టుకుని మన పాన్ మీద జమ చేస్తాయి. అది మన పన్నుకు ముందుగా కట్టిన డబ్బే, ఖర్చు కాదు. 2025-26కు కొత్త పద్ధతిలో పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. ఇంజనీరింగ్ లాంటి నిర్దిష్ట వృత్తులకు ఆ ఏడాదికి సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో కనీసం సగం ఆదాయంగా చూపించే వీలుంది, 9,90,000 వస్తే 4,95,000. ఆ సెక్షన్ జోలికి పోకుండా నిజమైన మిగులు 8,50,000 చూపించినా 12 లక్షల లోపే. ఎలా చూసినా నా పన్ను సున్నా. ఉద్యోగంలో ఉన్నా ఈ జీతానికి సున్నానే. కాబట్టి రేటులో పన్ను కోసం నేను ఒక్క రూపాయి కలపలేదు.

కానీ టీడీఎస్ వల్ల ఇబ్బంది లేదనను. 9,90,000 మీద పది శాతం అంటే 99 వేలు. రిటర్ను వేసి రిఫండు వచ్చేదాకా అది నా చేతిలో ఉండదు, అంటే ఎప్పుడు చూసినా పద్నాలుగు రోజుల పని డబ్బు బయటే ఉంటుంది. దీనికి రేటు పెంచడం మందు కాదు, మొదటి ఏడాది ఇంత డబ్బు చేతిలో పెట్టుకుని దిగాలి. నేను పెట్టుకోలేదు, గాజులు అందుకే వెళ్లాయి. ఇంకో మాట. 44ఏడీఏ కింద 4,95,000 చూపిస్తే బ్యాంకువాళ్లు ఇంటి లోనుకు ఆ అంకెనే చూస్తారు. రెండు మూడేళ్లలో ఇల్లు కట్టాలనుకునేవాళ్లు నిజమైన మిగులే చూపించడం మేలు. 12 లక్షలు దాటే సంపాదన ఉన్నవాళ్లకు ఈ లెక్క మారుతుంది, వాళ్లు ఆడిటరుతో కూర్చోవాలి. జీఎస్టీ సంగతికొస్తే, సేవలకు ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాటితే రేటు మీద 18 శాతం విడిగా వేస్తాం. రేటు లోపల కలపకూడదు.

‘‘మీరు అనంతపురంలో ఉంటారు కదా, అక్కడ ఖర్చు తక్కువ కదా, బెంగళూరు రేటు ఎందుకు?’’ అని ఒక క్లయింటు అడిగాడు. నిజమే, మా ఇంటి అద్దె అక్కడి దాంట్లో మూడో వంతు. కానీ ఆయన నా దగ్గర కొంటున్నది అద్దె కాదు, కేబుల్ వోల్టేజ్ డ్రాప్ తప్పు పోకుండా వచ్చే డ్రాయింగు. అదే పనికి ఆయన ఆఫీసులో కూర్చునే మనిషికి జీతం, పీఎఫ్, కుర్చీ, కరెంటు, పని లేని ఏప్రిల్ నెల జీతంతో సహా కట్టాలి. నేను నావైపు లెక్క చూపించాను, ఆయన తనవైపు లెక్క చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు.

అందరూ ఒప్పుకోలేదు. ఐదుగురు పాత క్లయింట్లకు కొత్త రేటు పంపితే ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఇద్దరు ఫోన్ చేసి మాట్లాడి సరేనన్నారు. ఒకరు మాత్రం ‘‘60 రోజుల పని ఒకేసారి ఇస్తాను, తగ్గించండి’’ అన్నారు. అప్పుడు మా నాయన రెండు రేట్లు గుర్తొచ్చాయి. ఏడాది అంతా ఇలాంటి పెద్ద పనులే దొరికితే ఎదురుచూపులూ ఖాళీలూ తగ్గి 180 రోజుల దాకా బిల్లు వేయొచ్చు. 9,90,000ను 180తో భాగిస్తే 5,500. అదే చెప్పాను.

కానీ ఈ తగ్గింపు అన్నిసార్లూ గిట్టదు. 60 రోజులు 5,500 చొప్పున 3,30,000. మిగిలిన 6,60,000 రావాలంటే 7,000 చొప్పున ఇంకా 95 రోజులు కావాలి. అంటే మొత్తం 155. పెద్ద పని ఇచ్చినందువల్ల నా బిల్లు రోజులు 140 నుంచి 155కు నిజంగా పెరిగితేనే తగ్గింపు సరైంది. అదే 60 రోజులను ఆర్నెల్ల మీద పరిచి వారానికి రెండు మూడు రోజులు ఇస్తానంటే ఖాళీలేమీ తగ్గవు, అప్పుడు 7,000 కంటే కిందికి దిగకూడదు. ‘‘ఎన్ని రోజులు’’ అని అడిగిన వెంటనే ‘‘వరసగానా, విడివిడిగానా’’ అని అడగడం నాకు ఇప్పుడు అలవాటైంది.

2025-26 ముగిశాక మళ్లీ క్యాలెండర్ దింపాను. 5,500 రేటుకు 60 సున్నాలు, 7,000 రేటుకు 84. మొత్తం 9,18,000. అనుకున్న దానికి 72 వేలు తక్కువ. ఆ తగ్గింది ఎక్కడో తెలుసు.

ఆగస్టులో మా నాయన బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, ఆసుపత్రిలో పదకొండు రోజులు. బాగాలేని రోజులకు నేను వేసుకున్న ఎనిమిదీ ఆ ఒక్క నెలలోనే అయిపోయాయి. ఆసుపత్రి బిల్లులో ఎక్కువ భాగం పాలసీ కట్టింది. ప్రతి బిల్లు డబ్బు పడగానే అందులో 13 శాతం వేరే ఖాతాలోకి పంపే అలవాటు ఏప్రిల్ నుంచే పెట్టుకున్నాను, ఎందుకంటే 9,90,000లో ఆ 1,30,000 వాటా అంతే. పాలసీ ప్రీమియం ఆ ఖాతాలోంచే వెళ్లింది. ఆ అలవాటు లేకపోతే రేటులో అడిగిన పీఎఫ్, బీమా డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, అడిగీ లేనట్టే.

ఈ ఏడాది బాగాలేని రోజులు 8 కాదు, 14 వేసుకున్నాను. నాయనను నెలకు ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 140 కాస్తా 134 అయింది, రేటు 7,400. ప్రొద్దుటూరు అబ్బాయికి నా క్యాలెండర్ గుర్తుల ఫోటో పంపాను. ఉద్యోగం మానేలోపే ఒక నెల అయినా ఆఫీసు పనిలో కొటేషన్లకూ ఎదురుచూపులకూ పోయే రోజులు నీలం పెన్నుతో గీసి చూడమన్నాను. నిన్న జవాబు పంపాడు. పదిహేను రోజుల్లో ఆరు నీలం గీతలు.